సీసా మీది అంకె, ఫ్లాస్కు మెడ మీది గీత

(అనంతపురంలో బీఎస్సీ రసాయనశాస్త్ర విద్యార్థులకు, ప్రయోగశాల తరగతులు మొదలయ్యే ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరూ బల్లకు దగ్గరగా రండి. ఇక్కడ మూడు సీసాలున్నాయి. మొదటిది సోడియం క్లోరైడు, అంటే ఉప్పు. రెండోది మైలుతుత్తం, మీ పుస్తకాల్లోని కాపర్ సల్ఫేటు. మూడోది గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాని మూత మాత్రం ఇక్కడ తీయను, గాలి బయటికి లాగే ఆ గాజు అరలోనే తీస్తాను. ఈ రోజు చెప్పేదంతా ఈ మూడు సీసాల చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఉప్పు చూద్దాం. పది శాతం ఉప్పు ద్రావణం కావాలి. ఎలా చేస్తారు?

“పది గ్రాములు తూచి వంద మిల్లీలీటర్ల నీళ్లలో కలుపుతాం సార్.”

ఈ జవాబు వస్తుందని తెలుసు కాబట్టే అన్నీ సిద్ధం చేసి పెట్టాను. బీకరులో వంద మి.లీ. స్వేదనజలం ఉంది. పది గ్రాముల ఉప్పు వేసి, కరిగేదాకా గాజు కడ్డీతో కలుపుతున్నాను. కరిగింది. ఇప్పుడు దీన్ని 250 మి.లీ. కొలజాడీలో పోస్తాను. ముందుకు వచ్చి చదవండి నాయనా, ఎంత ఉంది? నూట మూడు దగ్గర. ఉప్పు నీళ్లలో మాయమైపోలేదు, తన చోటు తాను ఆక్రమించింది. పది గ్రాములు నూట మూడు మి.లీ.లో ఉన్నాయంటే, వంద మి.లీ.లో ఉన్నది 9.7 గ్రాములే. మీరు చేసింది 9.7 శాతం ద్రావణం.

పది శాతం కావాలంటే నీళ్లను వంద మి.లీ. కొలిచి పోయడం కాదు, ద్రావణాన్ని వంద మి.లీ. వరకు తేవాలి. పది గ్రాములను ముందు అరవై, డెబ్బై మి.లీ. నీళ్లలో కరిగించి, ఆ తర్వాత మొత్తం వంద అయ్యే వరకు నీళ్లు చేర్చాలి. చివరి నీళ్లు ఎన్ని పట్టాయన్నది మనకు అనవసరం. సీసా మీద w/v అని రాస్తే అర్థం ఇదే, వంద మిల్లీలీటర్ల ద్రావణంలో ఇన్ని గ్రాములు అని.

ఇంకో రకం పది శాతం కూడా ఉంది. పది గ్రాముల ఉప్పు, తొంభై గ్రాముల నీళ్లు, కలిపితే వంద గ్రాములు. దీన్ని w/w అంటారు. ఇక్కడ ఘనపరిమాణంతో పని లేదు, రెండూ తూనిక మీదే. కానీ ఈ వంద గ్రాముల ద్రావణాన్ని కొలజాడీలో పోస్తే వంద మి.లీ. రాదు. దాని సాంద్రత దాదాపు 1.07, కాబట్టి 93 మి.లీ. పైచిలుకు వస్తుంది. అంటే ఇది w/v లెక్కలో 10.7 శాతం. చూశారా, పది శాతం అన్న ఒకే మాటకు ఈ బల్ల మీద 9.7, 10, 10.7 అని మూడు ద్రావణాలు తయారయ్యాయి. మొదటిది తప్పు. మిగిలిన రెండూ తప్పు కాదు, కానీ ఒకటి కాదు.

పలుచని ద్రావణాల్లో ఈ తేడా పెద్దగా బయటపడదు. 0.9 శాతం సెలైన్‌ను ఈ పద్ధతుల్లో దేనితో చేసినా తేడా అర శాతం లోపే ఉంటుంది. అందుకే చాలామంది ఏళ్ల తరబడి పట్టించుకోకుండా నెట్టుకొస్తారు. గాఢత పెరిగే కొద్దీ తేడా ఎలా ఉబ్బుతుందో ఆమ్లం సీసా దగ్గర చూస్తారు.

సెలైన్ మాట వచ్చింది కాబట్టి శాతం నుంచి మోలారిటీకి వెళ్లే దారి కూడా చూద్దాం. 0.9 శాతం w/v అంటే వంద మి.లీ.లో 0.9 గ్రాములు, లీటరులో 9 గ్రాములు. ఉప్పు మోలార్ ద్రవ్యరాశి 58.44. తొమ్మిదిని దానితో భాగిస్తే 0.154. అంతే, అది 0.154 మోలార్ ద్రావణం. శాతాన్ని పదితో గుణించి మోలార్ ద్రవ్యరాశితో భాగించాలి. ఆ పది ఎక్కడిదో, అంటే వంద మి.లీ. నుంచి లీటరుకు వెళ్లడంలో వచ్చిందని గుర్తుంటే సూత్రం కంఠస్థం చేయనక్కరలేదు.

ఇక మైలుతుత్తం. మీకు కలరీమీటరు ప్రయోగం ఉంది, దానికి 0.1 మోలార్ కాపర్ సల్ఫేటు ద్రావణం 250 మి.లీ. కావాలి. ఎన్ని మోల్‌లు? 0.1ని 0.25 లీటరుతో గుణిస్తే 0.025. దాన్ని మోలార్ ద్రవ్యరాశితో గుణిస్తే తూచాల్సిన బరువు వస్తుంది. ఏ ద్రవ్యరాశితో?

“నూట అరవై సార్.”

CuSO4 అన్న సూత్రాన్ని కూడితే 159.6 వస్తుంది, నిజమే. కానీ ఈ సీసాలో ఉన్నది అది కాదు. రంగు చూడండి, నీలం. నీరు లేని కాపర్ సల్ఫేటు తెల్లగా ఉంటుంది. ఈ నీలి స్ఫటికంలో ప్రతి అణువు వెంట ఐదు నీటి అణువులున్నాయి. సీసా మీద CuSO4·5H2O అనీ, 249.69 అనీ అచ్చు వేసి ఉంది. మనం తూచేటప్పుడు ఆ నీటిని కూడా తూస్తున్నాం, కాబట్టి లెక్కలోకి కూడా తీసుకోవాలి. 0.025 × 249.69 = 6.242 గ్రాములు.

ఒక జట్టు 159.6తో లెక్క వేసి, ఈ నీలి స్ఫటికాలను 3.990 గ్రాములు తూచిందనుకోండి. నిజానికి వాళ్ల ఫ్లాస్కులో ఉన్నది 0.016 మోల్‌లు, ద్రావణం 0.064 మోలార్. సీసా మీద మాత్రం 0.1 అని రాసుకుంటారు. ఆ ద్రావణాన్నే పలుచన చేసి ఐదు నమూనాలు తయారు చేస్తారు, కలరీమీటరులో పెడతారు, గ్రాఫు గీస్తారు. గ్రాఫు ఎలా వస్తుంది?

“వంకరగా వస్తుంది సార్.”

రాదు. చక్కటి సరళరేఖే వస్తుంది, మూలబిందువు గుండానే పోతుంది. ఎందుకంటే ఐదు నమూనాలూ ఒకే నిష్పత్తిలో తగ్గాయి. రేఖ వాలు మాత్రం ఉండాల్సిన దానికన్నా 36 శాతం తక్కువగా ఉంటుంది. ఆ తేడా గ్రాఫులో కనిపించదు, పక్క జట్టు వాలుతో పోల్చి చూస్తేనే తెలుస్తుంది. మూల ద్రావణంలో జరిగిన పొరపాటు మోసం ఇలాంటిదే. తర్వాతి పనంతా ఎంత శుభ్రంగా చేస్తే తప్పు అంత అందంగా కనిపిస్తుంది. అందుకే సరళరేఖ వచ్చినంత మాత్రాన సంబరపడకండి. రెండు జట్లు వేర్వేరుగా మూల ద్రావణం చేసి వాలులను పోల్చుకోవాలని ఈ ఏడాది నియమం పెడుతున్నాను.

సరే, 6.242 గ్రాములు తూచాం. దాన్ని చిన్న బీకరులో వంద మి.లీ. లోపు నీళ్లలో పూర్తిగా కరిగించండి. గట్టి పదార్థాన్ని నేరుగా ఫ్లాస్కులో వేస్తే మెడకు అతుక్కుంటుంది, కరిగిందో లేదో కూడా తెలియదు. కరిగిన ద్రావణాన్ని గరాటు పెట్టి 250 మి.లీ. వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులోకి పోయండి. ఇక్కడే సగం మంది బీకరును పక్కన పెట్టేస్తారు. దాని గోడలకు నీలి ద్రావణం ఇంకా అంటుకునే ఉంది. వాష్ బాటిల్‌తో కొంచెం కొంచెం నీళ్లు పట్టి బీకరును, కడ్డీని, గరాటును మూడుసార్లు కడిగి ఆ కడిగిన నీళ్లన్నీ ఫ్లాస్కులోకే చేర్చండి.

ముప్పాతిక భాగం నిండాక ఒకసారి గుండ్రంగా తిప్పి కలపండి. తర్వాత గీతకు ఒక సెంటీమీటరు కింద వరకు నీళ్లు పోసి, మిగిలింది డ్రాపరుతో చుక్క చుక్కగా వేయండి. కంటిని గీతకు సమానంగా ఉంచి, నీటి వంపు అడుగు గీతను తాకుతోందో లేదో చూడండి. పైనుంచి వంగి చూస్తే నీరు గీతకు చేరకముందే చేరినట్టు కనిపిస్తుంది, ద్రావణం చిక్కగా మిగులుతుంది. మెడ లోపలి గోడకు నీటి బిందువులు వేలాడుతున్నాయంటే ఫ్లాస్కు జిడ్డుగా ఉందని అర్థం. దాన్ని కడిగి మళ్లీ మొదలు పెట్టాల్సిందే. చివరగా బిరడా పెట్టి, బొటనవేలితో పట్టుకుని పదిహేను, ఇరవై సార్లు తలకిందులు చేయండి. మెడ సన్నగా ఉంటుంది కాబట్టి ఊరికే ఊపితే పైన ఉన్న నీళ్లు పైనే ఉండిపోతాయి. వెలుతురుకు ఎదురుగా పట్టినప్పుడు లోపల తీగల్లా మెలికలు కనిపిస్తున్నాయంటే ఇంకా కలవలేదు.

ఇక్కడ మన ఊరి ఎండ సంగతి కూడా చెప్పాలి. ఫ్లాస్కు మీద గీత పక్కన ఒక ఉష్ణోగ్రత రాసి ఉంటుంది. మన దగ్గర ఉన్నవాటి మీద 27 డిగ్రీలని ఉంది, కొన్ని ఫ్లాస్కుల మీద 20 అని ఉంటుంది. ఆ ఉష్ణోగ్రత దగ్గరే ఆ గీత సరైన 250 మి.లీ. చూపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ గదిలో 38 డిగ్రీలు మామూలే. వేడికి గాజు వ్యాకోచించడం లెక్కలోకి రానంత తక్కువ. కానీ 27 నుంచి 38కి వెళ్లేసరికి నీళ్లు 0.35 శాతం ఉబ్బుతాయి. అంటే మే నెల మధ్యాహ్నం గీత వరకు నింపిన 0.1000 మోలార్ ద్రావణాన్ని చల్లని గదికి తీసుకెళితే అది 0.10035 అవుతుంది. ఇరవై మి.లీ. టైట్రేషన్‌లో బ్యూరెట్టు చదివేటప్పుడు ఒక చుక్క తేడా, అంటే 0.05 మి.లీ., పావు శాతమే. ఆ ఒక్క చుక్క కోసం ప్రాణం పెట్టేవాళ్లు ఈ వేడిని కూడా చూడాలి కదా. వేసవిలో మూల ద్రావణాలను పొద్దున్నే చేసుకోండి. కరిగేటప్పుడు వేడెక్కే పదార్థాలైతే చల్లారాకే గీత వరకు నింపండి.

ఇప్పుడు ఆమ్లం సీసా దగ్గరికి వద్దాం. దీని మీద 35.4 శాతం అనీ, సాంద్రత 1.18 అనీ ఉంది. 1 మోలార్ ఆమ్లం 250 మి.లీ. కావాలి. ముందు ఈ సీసాలోది ఎన్ని మోలార్లో తెలియాలి. ఉప్పు దగ్గర చేసినట్టే శాతాన్ని పదితో గుణించి 36.46తో భాగిస్తే 9.71 వస్తుంది. కానీ ఈ శాతం w/w. వంద గ్రాముల ఆమ్లంలో 35.4 గ్రాముల HCl ఉందని దాని అర్థం. మనకు కావాల్సింది లీటరులో ఎంత ఉందన్నది. లీటరు ఆమ్లం బరువు 1180 గ్రాములు. అందులో 35.4 శాతం అంటే 417.7 గ్రాములు. 36.46తో భాగిస్తే 11.46 మోలార్.

సాంద్రతను వదిలేస్తే 25.7 మి.లీ. ఆమ్లం పోస్తారు, సరైన లెక్కలో కావాల్సింది 21.8 మి.లీ. మొదటి లెక్కతో చేసిన ద్రావణం 1 మోలార్ కాదు, 1.18 మోలార్. ఆ 1.18 ఎక్కడో విన్నట్టుంది కదా? సీసా మీది సాంద్రతే. మరిచిపోయిన సాంద్రత మొత్తంగా ఫలితంలోకి వచ్చి కూర్చుంది.

ఈ 21.8ని ఎలా తెచ్చామో చూడండి. M1V1 = M2V2. సీసాలోంచి తీసిన ఆమ్లంలో ఎన్ని మోల్‌లున్నాయో, నీళ్లు చేర్చాక కూడా అన్నే ఉంటాయి. నీళ్లు మోల్‌లను పెంచవు, తగ్గించవు. 11.46 × V1 = 1 × 250, కాబట్టి V1 = 21.8. ఇందులో 250 అన్నది చివరి మొత్తం, చేర్చాల్సిన నీళ్లు కాదు. 250లోంచి 21.8 తీసేసి 228.2 మి.లీ. నీళ్లు కొలిచి పోసేవాళ్లుంటారు, అలా చేయకండి. ఘనపరిమాణాలు ఎప్పుడూ కూడికల్లా కలవవు. యాభై మి.లీ. ఆల్కహాలులో యాభై మి.లీ. నీళ్లు కలిపితే వంద రాదు, 96 దగ్గర ఆగుతుంది. గీత వరకు నింపితే ఈ గొడవ ఉండదు.

బీకరులో ముందు 150 మి.లీ. నీళ్లు తీసుకుని, అందులోకి ఆమ్లాన్ని కలుపుతూ నెమ్మదిగా పోయాలి. ఆమ్లంలోకి నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. చల్లారాక ఫ్లాస్కులోకి మార్చి గీత వరకు నింపాలి. ఆమ్లాన్ని పిపెట్టుతో కాకుండా చిన్న కొలజాడీతో 22 మి.లీ. కొలిస్తే చాలు. అంత అలసత్వం ఎందుకంటారా? సీసా మీది అంకే అంత నిక్కచ్చిది కాదు. మూత తీసినప్పుడల్లా HCl వాయువు పొగలా పోతూనే ఉంటుంది. సగం ఖాళీ అయిన పాత సీసాలో 35.4 శాతం ఉందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి ఆమ్లాన్ని దాదాపుగా చేసుకుని, అసలు గాఢతను టైట్రేషన్‌తో తేల్చుకుంటాం.

ఈ 1 మోలార్ ఆమ్లాన్ని 25 మి.లీ. పిపెట్టుతో తీసి 250 మి.లీ.కి పలుచన చేస్తే దాదాపు 0.1 మోలార్ వస్తుంది. పిపెట్టుకు రబ్బరు బల్బు పెట్టండి, నోటితో పీల్చవద్దు. పిపెట్టును ముందు ఆ ఆమ్లంతోనే ఒకసారి కడగాలి, లేకపోతే లోపలి నీటి తడి దాన్ని పలుచన చేస్తుంది. ఫ్లాస్కును మాత్రం నీళ్లతోనే కడగాలి. అందులో ఆమ్లం తడి మిగిలితే లెక్కకు మించిన మోల్‌లు చేరతాయి.

తేల్చడానికి సోడియం కార్బొనేటు వాడతాం. నీరు లేనిది, వేడి చేసి ఆరబెట్టి డెసికేటరులో చల్లార్చినది. 105.99 × 0.05 × 0.25 లెక్కన 1.325 గ్రాములు తూచి 250 మి.లీ.కి చేస్తే 0.05 మోలార్. అందులోంచి 20 మి.లీ. తీసి, మిథైల్ ఆరెంజ్ వేసి, బ్యూరెట్టులోంచి మన ఆమ్లాన్ని వదిలాం. 20.6 మి.లీ. దగ్గర పసుపు నారింజకు తిరిగింది అనుకుందాం. ఆమ్లం గాఢత ఎంత? లెక్క వేసి చెప్పండి.

“0.0485 సార్.”

M1V1 = M2V2లో వేశావు కదా నాయనా? అందుకే 0.1 రావాల్సిన చోట దాదాపు సగం వచ్చింది. పలుచన చేసేటప్పుడు ఒకే పదార్థం, మోల్‌లు మారవు, కాబట్టి ఆ సూత్రం నిలుస్తుంది. ఇక్కడ రెండు పదార్థాలు చర్య జరుపుతున్నాయి. ఒక కార్బొనేటుకు రెండు HCl కావాలి. కార్బొనేటు మోల్‌లను రెండుతో గుణిస్తే 2 × 0.05 × 20 ÷ 20.6 = 0.0971 మోలార్. మన సీసా కొంచెం నీరసించిందన్నమాట. దీన్ని 0.1కి సరిదిద్దాలని తంటాలు పడకండి. సీసా మీద 0.0971 అనే రాసి, తేదీ, మీ పేరు వేసి, తర్వాతి లెక్కల్లో ఆ అంకెనే వాడండి.

పలుచన సాధనకు మన జిల్లా లెక్క ఒకటి చేద్దాం. ఇక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడు సమస్య మీకు కొత్త కాదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చనీ, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా అనుమతించవచ్చనీ భారతీయ ప్రమాణం చెబుతుంది. ఫ్లోరైడు ఎలక్ట్రోడుతో కొలవాలంటే 0.5, 1.0, 1.5 మి.గ్రా. ప్రమాణ ద్రావణాలు కావాలి. సోడియం ఫ్లోరైడు మోలార్ ద్రవ్యరాశి 41.99, అందులో ఫ్లోరైడు 19. లీటరుకు 100 మి.గ్రా. ఫ్లోరైడు రావాలంటే 0.221 గ్రాములు తూచాలి. అది విషపదార్థం, తూచేటప్పుడు తొడుగులు వేసుకోండి.

మీ బల్ల మీది తూనిక రెండు దశాంశాల వరకే చూపిస్తుంది. 0.22 దగ్గర 0.01 తేడా వస్తే అది నాలుగున్నర శాతం పొరపాటు. నాలుగు దశాంశాల తూనిక ఖాళీగా లేకపోతే 2.21 గ్రాములు తూచి లీటరుకు 1000 మి.గ్రా. ద్రావణం చేయండి. అదే 0.01 తేడా ఇప్పుడు అర శాతం లోపే. దాన్ని 10 మి.లీ. తీసి 100కి చేస్తే 100 మి.గ్రా., మళ్లీ అలాగే చేస్తే 10 మి.గ్రా. ఈ చివరిదాన్ని 5, 10, 15 మి.లీ. తీసి విడివిడిగా 100 మి.లీ.కి చేస్తే మనకు కావాల్సిన మూడూ వస్తాయి. 100 మి.గ్రా. ద్రావణంలోంచి నేరుగా 1.5 మి.లీ. తీసినా లెక్క సరిపోతుంది, కానీ అంత తక్కువ పరిమాణంలో చుక్క తేడా మూడు శాతం దాటుతుంది. 15 మి.లీ.లో అదే చుక్క 0.3 శాతం. ఇక, వీటిని బోరు నీళ్లతో పలుచన చేస్తే మీరు కొలవబోయేదాన్నే కలిపినట్టవుతుంది. స్వేదనజలమే వాడండి, దాచేది ప్లాస్టిక్ సీసాలో.

వెనక్కి నడిచే లెక్క కూడా చూడండి. ఒక బోరు నీటి నమూనా మన ప్రమాణాల కన్నా పైన చూపించింది. 20 మి.లీ. తీసి 100కి పలుచన చేస్తే 0.9 వచ్చింది. C1 × 20 = 0.9 × 100, అసలు నీటిలో 4.5 మి.గ్రా. M1 స్థానంలో C1 రాశాను, మిల్లీగ్రాములైనా w/v శాతమైనా ఈ సూత్రం పని చేస్తుంది, రెండు వైపులా ఒకే ప్రమాణం ఉంటే చాలు.

ప్రశ్నలుంటే అడగండి.

“సార్, పుస్తకంలో 1:1 HCl అంటారు, ఇంకో చోట 1:10 పలుచన అంటారు. రెండూ ఒకే పద్ధతా?”

కాదమ్మా, మంచి చోట పట్టుకున్నావు. 1:1 HCl అంటే ఒక వంతు గాఢ ఆమ్లం, ఒక వంతు నీళ్లు, మొత్తం రెండు వంతులు. జీవశాస్త్రం వాళ్లు 1:10 పలుచన అంటే సాధారణంగా ఒక వంతు ద్రావణం, మొత్తం పది వంతులు, అంటే నీళ్లు తొమ్మిది వంతులు. మొదటి పద్ధతిలోనే చదివితే 1:10 పదకొండో వంతు అవుతుంది, తేడా తొమ్మిది శాతం. మీ రికార్డులో 1:10 అని రాయకండి. “10 మి.లీ. తీసి 100 మి.లీ.కి చేశాను” అని పూర్తిగా రాయండి, చదివేవాళ్లు ఊహించాల్సిన పని ఉండదు.

“గీత దాటిపోతే డ్రాపరుతో కొంచెం తీసేయవచ్చా సార్?”

తీస్తే నీళ్లతో పాటు పదార్థం కూడా పోతుంది. మిగిలినదాని గాఢత మారదు, దాటినప్పుడు ఎంత పలుచగా ఉందో అంతే పలుచగా ఉంటుంది. పారబోసి మళ్లీ తూచండి. ఆమ్లం లాగా తర్వాత టైట్రేషన్‌తో తేల్చుకునే ద్రావణమైతే పారబోయనక్కరలేదు, బాగా కలిపి తేల్చుకున్న అంకె రాసుకోవచ్చు. మైలుతుత్తంతో మాత్రం ఆ వెసులుబాటు లేదు, దాని గాఢతకు మీ తూనిక, ఆ గీత తప్ప వేరే ఆధారం లేదు.